సాయంత్రానికే చతికిలపడే స్మార్ట్‌వాచ్: బ్యాటరీ మార్పించాలా, కొత్తది కొనాలా?

కొత్తగా కొన్నప్పుడు రాత్రి పడుకునే వేళకు ముప్పై శాతం ఛార్జింగ్ మిగిలేది. రెండేళ్లు గడిచేసరికి సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పటికే ఎర్ర గుర్తు వెలుగుతుంది. మూడో ఏడు వచ్చేసరికి ఛార్జర్‌ను కూడా బ్యాగులో వేసుకుని తిరగాల్సి వస్తుంది. స్మార్ట్‌వాచ్ వాడేవాళ్లలో చాలామందికి అనుభవమైన సంగతే ఇది. అప్పుడొచ్చే ప్రశ్న కూడా అందరికీ ఒకటే: బ్యాటరీ మార్పిస్తే సరిపోతుందా, కొత్త వాచ్ కొనుక్కోవడమే నయమా?

జవాబు వాచ్‌ను బట్టి మారుతుంది. అయితే ఆ జవాబు రాబట్టే లెక్క మాత్రం అంత కష్టమైనది కాదు. బ్యాటరీ ఎందుకు అరుగుతుందో, దాన్ని మార్చడంలో అసలు చిక్కు ఎక్కడుందో తెలిస్తే ఎవరి లెక్క వాళ్లే వేసుకోవచ్చు.

చిన్న బ్యాటరీ, పెద్ద చాకిరీ

ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో ఉండేది 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ. 2021లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4 పెద్ద సైజులో ఉన్నది 361 ఎంఏహెచ్. అంటే ఫోన్ బ్యాటరీలో పద్నాలుగో వంతు. ఆపిల్ వాచ్ సిరీస్ 6 పెద్ద సైజులో అయితే ఇంకా తక్కువ, దాదాపు 304 ఎంఏహెచ్. గుండె వేగం కొలవడం, అడుగులు లెక్కపెట్టడం, స్క్రీన్ వెలిగించడం, ఫోన్‌తో మాట్లాడుతూ ఉండటం, అవసరమైతే జీపీఎస్ నడపడం, అన్నీ ఆ కాస్త నిల్వతోనే జరగాలి.

బ్యాటరీ చిన్నది కాబట్టి ఈ వాచ్‌లను దాదాపు రోజూ నింపాలి. లిథియం అయాన్ బ్యాటరీ వయసును లెక్కగట్టేది ఛార్జ్ సైకిళ్లతో. వంద శాతం నిల్వ ఖర్చయితే ఒక సైకిల్. ఈరోజు యాభై, రేపు యాభై వాడినా కలిపి ఒక్క సైకిలే. తమ వాచ్ బ్యాటరీ వెయ్యి పూర్తి సైకిళ్ల తర్వాత కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకొనేలా తయారైందని ఆపిల్ చెబుతుంది. రోజుకో సైకిల్ చొప్పున వెయ్యి సైకిళ్లు పూర్తవడానికి రెండేళ్ల తొమ్మిది నెలలు చాలు. మూడో ఏట ఇబ్బంది మొదలవడం కాకతాళీయం కాదన్నమాట.

పదిరోజులకోసారి ఛార్జ్ చేస్తే సరిపోయే గార్మిన్ వాచ్‌ను దీని పక్కన పెట్టి చూడండి. ఏడాదికి దాని సైకిళ్లు నలభైకి మించవు. అందుకే ఐదారేళ్లు వాడిన గార్మిన్ వాచ్‌లు ఇంకా బాగానే పనిచేస్తూ కనబడతాయి. పదిరోజులు వచ్చేది ఎనిమిది రోజులే వచ్చినా వాడేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పద్దెనిమిది గంటలు రావాల్సింది పద్నాలుగు గంటలకు పడిపోతే మాత్రం ఆ రోజే తెలిసిపోతుంది. రెండింటిలోనూ తగ్గింది ఇంచుమించు అదే ఐదో వంతు. ఒక వాచ్‌కు అది లెక్కలోకి రాదు, ఇంకోదానికి రోజు మొత్తం తలకిందులవుతుంది.

లోపల జరిగేది

ఛార్జ్ చేసినప్పుడు లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి బయల్దేరి గ్రాఫైట్‌తో చేసిన రెండో ధ్రువంలోకి చేరతాయి. వాడేటప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. గ్రాఫైట్ పైన మొదటి ఛార్జింగ్‌లోనే ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర అవసరమైనదే, అది లేకపోతే లోపలి ద్రవం త్వరగా చెడిపోతుంది. చిక్కేమిటంటే అది అక్కడితో ఆగదు. బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లటి పొర పట్టినట్టే కొద్దికొద్దిగా మందమవుతూ పోతుంది. మందమైన ప్రతిసారీ కొంత లిథియాన్ని మింగేస్తుంది. అలా చిక్కుకున్న లిథియం మళ్లీ పనికిరాదు. బ్యాటరీ సామర్థ్యం తగ్గడమంటే ప్రధానంగా ఇదే.

పొర మందమైతే ఇంకో నష్టం కూడా ఉంది. అయాన్ల రాకపోకలకు అడ్డు పెరిగి, బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. వాచ్ 25 శాతం చూపిస్తూ ఉంటుంది. నడకకు వెళ్తూ జీపీఎస్ ఆన్ చేయగానే టక్కున ఆగిపోతుంది. ఛార్జర్ మీద పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ 20 శాతం చూపిస్తుంది. అబద్ధమాడింది వాచ్ కాదు. నిల్వ ఉన్నమాట నిజమే. కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగేసరికి ఆ నిరోధం దగ్గర వోల్టేజ్ పడిపోయి, వాచ్ తనంతట తానే ఆగిపోయింది. సామర్థ్యం తగ్గడంకన్నా ఈ లక్షణమే బ్యాటరీ బాగా ముసలిదైందని గట్టిగా చెబుతుంది.

ఈ అరుగుదలను పరుగెత్తించేది వేడి. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. ఆపిల్ తన వాచ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల మే నెల ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ఇక ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు సంగతి చెప్పక్కర్లేదు. దానికి తోడు వాచ్ వెనుకభాగం ఎప్పుడూ ఒంటి వేడికి ఆనుకునే ఉంటుంది. వైర్ లేకుండా ఛార్జ్ అయ్యే వాచ్‌లలో కొంత కరెంట్ వేడిగానే పోతుంది. కాబట్టి వేసవిలో ఎండన పడి వచ్చిన వాచ్‌ను వెంటనే ఛార్జర్ మీద పెట్టకుండా పావుగంట చల్లారనివ్వడం మేలు. పూర్తిగా నిండిన బ్యాటరీ వేడిలో ఉండటం మరీ చెరుపు. రాత్రంతా వంద శాతం దగ్గరే నిలవకుండా చూసే సదుపాయం ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఆపిల్ వాచ్‌లో దాని పేరు Optimized Battery Charging.

వాడకుండా సొరుగులో పడేసినా బ్యాటరీ చెడుతుంది. బ్లూటూత్ కాలింగ్ వాచ్ ఒకటి బోర్ కొట్టి పక్కన పెట్టేశారనుకోండి. అప్పటికే అది సున్నాకు చేరి ఉంటే, నెలలు గడిచేకొద్దీ మిగిలిన కాస్త వోల్టేజ్ కూడా జారిపోతుంది. ఒక హద్దు దాటాక రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్‌ను అడ్డుకుంటుంది. లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఇక ఆ వాచ్‌ను ఏ ఛార్జర్‌కు తగిలించినా ఉలుకూ పలుకూ ఉండదు. కొన్నాళ్లు వాడబోమని తెలిసినప్పుడు సగం ఛార్జ్ చేసి స్విచాఫ్ చేసి పెట్టాలన్నది అందుకే.

బ్యాటరీయేనా, ఇంకేదైనా?

డబ్బు ఖర్చుపెట్టే ముందు తప్పు బ్యాటరీదేనని తేల్చుకోవాలి. రిపేరుకు వచ్చే వాచ్‌లలో కొన్నింటికి అసలు జబ్బు వేరే చోట ఉంటుంది.

మొదట ఛార్జింగ్ కొనలు. తక్కువ ధర వాచ్‌లు చాలావరకు అయస్కాంతంతో అతుక్కునే, రెండు లేదా నాలుగు లోహపు చుక్కలున్న ఛార్జర్లతో వస్తాయి. చెమట, సబ్బు, దుమ్ము కలిసి ఆ చుక్కల మీద పేరుకుని ఆకుపచ్చగానో నల్లగానో పొర కడతాయి. అప్పుడు వాచ్ రాత్రంతా ఛార్జర్ మీదే ఉన్నా సగమే నిండుతుంది. మెత్తని గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే, లేదా మరో కేబుల్ పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకట్రెండు రోజులు వాచ్ లోలోపల సర్దుకునే పనిలో ఉండి ఎక్కువ ఛార్జ్ తింటుంది. ఆ రెండు రోజులు ఓపిక పట్టాలి. కొత్తగా వేసిన వాచ్‌ఫేస్, ఎప్పుడూ వెలిగే స్క్రీన్, ఫోన్‌తో మాటిమాటికీ తెగిపోయే బ్లూటూత్ కూడా కారణాలు కావచ్చు. తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. రాత్రి వాచ్‌ను పూర్తిగా నింపి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఎప్పుడూ వెలిగే స్క్రీన్‌ను ఆపేసి, చేతికి పెట్టుకోకుండా టేబుల్ మీద ఎనిమిది గంటలు వదిలేయాలి. పొద్దున్నే చూస్తే తగ్గుదల పది శాతం లోపే ఉండి, పగలు మాత్రం విపరీతంగా పడిపోతోందంటే అనుమానించాల్సింది యాప్‌లను, కనెక్షన్లను. అలాంటప్పుడు వాచ్‌ను ఫోన్ నుంచి విడదీసి, రీసెట్ చేసి మళ్లీ జతచేస్తే చాలాసార్లు దారికి వస్తుంది. ఏ పనీ లేకుండా పడున్నా ముప్పై, నలభై శాతం కరిగిపోయిందంటే బ్యాటరీ మీదే గురి పెట్టాలి.

ఆపిల్ వాచ్ వాళ్లకు ఇంకా సులువు. వాచ్‌లోనే Settings > Battery > Battery Health లోకి వెళ్తే Maximum Capacity ఎదురుగా శాతం కనిపిస్తుంది. 80కి దిగువన ఉంటే మార్చాల్సిన వేళ అయినట్టే. ఆపిల్‌కేర్ ప్లస్ తీసుకున్నవాళ్లకు 80 శాతం కన్నా తగ్గితే బ్యాటరీ మార్పుకు రుసుము ఉండదు. మిగిలిన బ్రాండ్లలో చాలావాటికి ఇలాంటి అంకె బయటికి కనబడదు. సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించుకోవాలి.

ఒక్క సందర్భంలో ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. స్క్రీన్ ఒక పక్క లేచినట్టున్నా, అంచున సన్నని సందు కనిపించినా, వెనక మూత ఉబికినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. లోపలి ద్రవం విడిపోయి వాయువు తయారవడం వల్ల అలా జరుగుతుంది. వెంటనే ఛార్జింగ్ ఆపాలి. లేచిన స్క్రీన్‌ను వేలితో నొక్కి సరిచేయబోకూడదు. ఇది ఏదో మారుమూల కంపెనీకే పరిమితమైన సమస్య కాదు. 42 మిల్లీమీటర్ల సిరీస్ 2 వాచ్‌లలో కొన్నింటికి బ్యాటరీ ఉబ్బుతోందని 2018లో ఆపిల్ ఒప్పుకుని, కొన్న తేదీ నుంచి మూడేళ్ల వరకు ఉచితంగా సర్వీస్ ఇచ్చింది. ఫిట్‌బిట్ అయానిక్ వాచ్ వేడెక్కి కాల్చిన ఫిర్యాదులు ఒక్క అమెరికాలోనే 78 వచ్చాయి. 2022 మార్చిలో ఆ మోడల్‌నే వెనక్కి పిలిపించి, కొన్నవాళ్లకు 299 డాలర్ల చొప్పున తిరిగిచ్చారు. కాబట్టి వాచ్ ఉబ్బితే జేబులోంచి డబ్బు తీసే ముందు, ఆ మోడల్‌కు కంపెనీ ఉచిత సర్వీస్ ఏదైనా ప్రకటించిందేమో అడగాలి.

మార్చడంలో అసలు చిక్కు నీళ్లే

ఫోన్ బ్యాటరీ మార్చినంత మామూలుగా వాచ్ బ్యాటరీని మార్చలేకపోవడానికి కారణం నీళ్లు. చేయి కడిగినా, వానలో తడిసినా, ఈత కొట్టినా లోపలికి చుక్క దిగకుండా వాచ్‌ను జిగురుతోనూ రబ్బరు వలయాలతోనూ బిగించేస్తారు. బ్యాటరీ మార్చాలంటే ముందు ఆ బిగింపును విప్పాలి.

ఆపిల్ వాచ్‌లో దారి స్క్రీన్ వైపు నుంచి. అంచును వేడిచేసి జిగురు మెత్తబడ్డాక సన్నని బ్లేడు దూర్చి అద్దాన్ని లేపుతారు. కాస్త బలం ఎక్కువైతే అద్దం పగులుతుంది, లేదా స్క్రీన్‌ను బోర్డుతో కలిపే రిబ్బన్ కేబుల్ తెగుతుంది. ఆ తర్వాత జిగురుతో అంటుకున్న బ్యాటరీని, దానికి చిల్లు పడకుండా ఊడదీయాలి. కొత్తది పెట్టాక పాత జిగురంతా గీకేసి కొత్త జిగురు పట్టీ అంటించి నొక్కి ఉంచాలి. గెలాక్సీ వాచ్ 4 తరహా మోడళ్లలో దారి వెనక వైపు నుంచి ఉంటుంది. చిన్న చిన్న స్క్రూలు తీస్తే మూత వస్తుంది, రబ్బరు వలయం కనిపిస్తుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లకు అది కాస్త తేలిక.

నీటి నిరోధం శాశ్వతం కాదని, కాలం గడిచేకొద్దీ తగ్గవచ్చని కంపెనీలే చెబుతాయి. ఒకసారి విప్పిన వాచ్ విషయంలో ఆ మాట ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి. బిగించాక గాలి ఒత్తిడితో లీకేజీ పరీక్షించే యంత్రం ఉంటే తప్ప నీళ్లు దిగవని భరోసా ఇవ్వడం కష్టం. వీధి చివరి షాపులో ఆ యంత్రం సాధారణంగా ఉండదు. 'వాటర్‌ప్రూఫ్ గ్యారంటీ ఇస్తారా' అని అడిగితే నిజాయితీగల మెకానిక్ అడ్డంగా తల ఊపుతాడు. అలా బాగు చేయించిన వాచ్‌ను చెమటకు, చేతులు కడగడానికి పెట్టుకోవచ్చేమో గానీ ఈతకు పెట్టుకోకూడదు.

మూడు దారులు

మొదటిది కంపెనీ సర్వీస్ సెంటర్. ఖర్చు ఎక్కువ, భరోసా కూడా ఎక్కువే. అక్కడ అడగాల్సిన ముఖ్యమైన మాట, బ్యాటరీ ఒక్కటే మారుస్తారా, వాచ్‌నే మార్చి ఇస్తారా అన్నది. ఆపిల్ సర్వీస్‌లో మన వాచ్ బదులు కొత్తదానితో సమానమైన మరో వాచ్ చేతికి రావచ్చు. గార్మిన్ కూడా వారంటీ దాటిన వాచ్‌లకు, మోడల్‌ను బట్టి రుసుము తీసుకుని సరిచేసిన మరో వాచ్ ఇచ్చే పద్ధతి పాటిస్తుంది. పగుళ్లూ గీతలూ లేని వాచ్ వస్తుంది కాబట్టి కొన్నిసార్లు అది లాభమే. అయితే ఇచ్చే ముందు డేటా బ్యాకప్ చేసి, ఫోన్ నుంచి వాచ్‌ను అన్‌పెయిర్ చేయడం మరచిపోకూడదు. ఆపిల్ వాచ్‌ను అలా విడదీస్తే బ్యాకప్ కూడా దానంతట అదే అవుతుంది, యాక్టివేషన్ లాక్ కూడా తొలగుతుంది.

రెండోది బయటి రిపేర్ షాపు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల స్మార్ట్‌వాచ్‌లను విప్పే చేతులు దొరుకుతాయి. షాపు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది బోర్డు మీది పేరును కాదు, పెట్టబోయే బ్యాటరీని. తక్కువ ధర వాచ్‌లలో వెండి రంగు సంచిలా ఉండే సెల్ ఒకటి ఉంటుంది. ఎరుపు, నలుపు వైర్లతో బోర్డుకు టంకం వేసి ఉంటుంది. దాని మీద 402525 లాంటి అంకె ముద్రించి ఉంటుంది. మొదటి రెండంకెలు మందం, 4.0 మిల్లీమీటర్లు. తర్వాతవి వెడల్పు, పొడవు, ఒక్కోటి 25 మిల్లీమీటర్లు. కొత్త సెల్ ఈ కొలతలకు మించకూడదు. బలవంతంగా ఇరికిస్తే మూత సరిగా కూర్చోదు, సెల్ మీద ఒత్తిడి పడుతుంది. ఆ సైజు సెల్‌లో నిజంగా పట్టేది 200 నుంచి 250 ఎంఏహెచ్ వరకు. దాని మీద 500 అని ముద్రించి ఉంటే ఆ ముద్రను నమ్మనక్కర్లేదు.

వోల్టేజ్ అంతకన్నా ముఖ్యం. మామూలు సెల్ మీద 3.7 వోల్టులని ఉంటుంది, దాన్ని 4.2 వోల్టుల వరకే నింపాలి. ఖరీదైన వాచ్‌లలోని సెల్స్ మీద 3.8 వోల్టులో, అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. అవి 4.35 వోల్టులు, ఆపైన దాకా నిండేలా తయారవుతాయి. అలాంటి వాచ్‌లో 3.7 సెల్ పెడితే వాచ్ దాన్ని రోజూ హద్దు దాటి నింపబోతుంది. రక్షణ సర్క్యూట్ అడ్డుకుంటే వాచ్ ఎప్పటికీ సరిగా నిండదు. అడ్డుకోకపోతే సెల్ త్వరగా ఉబ్బుతుంది. 'బ్యాటరీ మార్పించినా ఆరు నెలలకే పోయింది' అనే ఫిర్యాదుల వెనక ఇలాంటి జోడీ తప్పులు కూడా ఉంటాయి. పాత సెల్‌నూ కొత్త సెల్‌నూ పక్కపక్కన పెట్టి అంకెలు చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మూడోది ఇంట్లో తామే మార్చుకోవడం. ఐఫిక్సిట్ లాంటి సంస్థలు బొమ్మలతో సహా మెట్టుమెట్టుగా చూపించే గైడ్లు ఇస్తున్నాయి. కానీ వేడి, బ్లేడు, లిథియం సెల్ మూడూ ఒకేచోట ఉండే పని ఇది. ఫోన్లు విప్పిన అలవాటు లేనివాళ్లకు ఖరీదైన వాచ్ మీద మొదటి ప్రయోగం తగదు.

లెక్క వేద్దాం

బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నప్పుడు చాలామంది రెండు ధరలను నేరుగా పోల్చేస్తారు. పోల్చాల్సింది ఏడాదికి పడే ఖర్చును. రిపేరు ఖర్చును, ఆ తర్వాత వాచ్ ఇంకా ఎన్నేళ్లు పనికొస్తుందో ఆ సంఖ్యతో భాగించాలి. కొత్త వాచ్ ధరను దాని ఆయుష్షుతో భాగించాలి. ఇక్కడ ఆయుష్షంటే బ్యాటరీది ఒక్కటే కాదు, సాఫ్ట్‌వేర్‌ది కూడా.

ఒక కేసు చూద్దాం. 2021లో కొన్న ఆపిల్ వాచ్ సిరీస్ 6, పెద్ద సైజు. Maximum Capacity 78 శాతం చూపిస్తోంది. 304లో 78 శాతమంటే 237 ఎంఏహెచ్. కొత్తలో కంపెనీ చెప్పిన పద్దెనిమిది గంటలు ఇప్పుడు పద్నాలుగు గంటలు. ఉదయం ఆరింటికి ఛార్జర్ మీంచి తీస్తే రాత్రి ఎనిమిదికి ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్ 9,000 రూపాయలు అడిగిందనుకుందాం. ఇలాంటి కొత్త వాచ్ 45,000 అనుకుందాం. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, అసలు ధరలు మోడల్‌ను బట్టి మారుతుంటాయి.

కొత్తదాన్ని ఐదేళ్లు వాడితే ఏడాదికి 9,000. పాతదాన్ని బాగు చేయించి రెండేళ్లు వాడితే ఏడాదికి 4,500. ఒక్క ఏడాదే వాడితే రెండూ సమానం. కాబట్టి ప్రశ్న ఇలా మారుతుంది: ఈ వాచ్ ఇంకో ఏడాదికి మించి పనికొస్తుందా? ఇక్కడే సాఫ్ట్‌వేర్ చరిత్ర అక్కరకొస్తుంది. 2017లో వచ్చిన సిరీస్ 3కి చివరి పెద్ద అప్‌డేట్ 2021లో వచ్చిన వాచ్‌ఓఎస్ 8. 2018లో వచ్చిన సిరీస్ 4కి చివరిది 2023 నాటి వాచ్‌ఓఎస్ 10. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన సిరీస్ 6కు 2025 నాటి వాచ్‌ఓఎస్ 26 కూడా అందింది. అంటే సిరీస్ 6 పాత మోడళ్ల ఆయుష్షును ఇప్పటికే అందుకుంది, ఇకముందు ఎంతకాలమన్నది అంచనాయే. అయినా అప్‌డేట్ ఆగిన రోజే వాచ్ ఆగిపోదు. అడుగులు, గుండె వేగం, ఫోన్ నోటిఫికేషన్లు కొనసాగుతాయి. కొత్త సదుపాయాలు రావు, భద్రతా సవరణలు తగ్గిపోతాయి, యాప్‌లు ఒక్కొక్కటిగా పాత వాచ్‌ను వదిలేస్తాయి. ఇంతకుమించి ఏమీ ఆశించని మనిషికి రెండేళ్లు ఢోకా లేదు, బ్యాటరీ మార్పించుకోవచ్చు. అదే సిరీస్ 4 అయితే అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. దానిమీద తొమ్మిది వేలు పెట్టడం కన్నా ఆ సొమ్మును కొత్తదాని కోసం ఉంచుకోవడం నయం.

గెలాక్సీ వాచ్ 4 లెక్క ఇంకోలా ఉంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన ఈ వాచ్‌కు శాంసంగ్ నాలుగేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. ఆ గడువు 2025తో ముగిసింది. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూస్తే ఇది సాయంకాలంలో ఉన్న వాచ్. కానీ వెనక మూత తేలిగ్గా వస్తుంది, పని ఖర్చు తక్కువ పడవచ్చు. బ్యాటరీ మార్పుకు 3,000 అయ్యి, ఇంకో ఏడాదిన్నర వాడే ఉద్దేశం ఉంటే ఏడాదికి 2,000 పడినట్టు. 25,000 పెట్టి కొత్తది కొని నాలుగేళ్లు వాడితే ఏడాదికి 6,000 పైనే. స్క్రీన్ బాగుండి, సెన్సర్లు పనిచేస్తుంటే మార్పించడంలో నష్టం లేదు. స్క్రీన్ కూడా పగిలి ఉంటే మాత్రం రెండు మరమ్మతుల ఖర్చు కలిసి ఈ లెక్కను తిరగేస్తుంది.

రెండు వేల రూపాయల బ్లూటూత్ కాలింగ్ వాచ్ సంగతి వేరు. వీటికి చాలావరకు ఏడాది వారంటీ ఉంటుంది. ఆ లోపల బ్యాటరీ చెడితే బిల్లు చూపించి కంపెనీనే అడగాలి. వారంటీ దాటాక సెల్, కూలీ కలిపి 500 అయినా కొత్త ధరలో నాలుగో వంతు. పైగా నీటి భరోసా పోతుంది. ఛార్జింగ్ చుక్కలు శుభ్రం చేసి, మరో కేబుల్ పెట్టి చూసినా లాభం లేకపోతే ఈ ధరలో కొత్తదే తేలిక. వారంటీలో ఉన్నప్పుడు బిల్లు దొరకక నష్టపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి, కొన్నరోజే దాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం తెలివైన పని.

ఈ లెక్కలకు లొంగని సందర్భాలు రెండున్నాయి. రోజూ ఈత కొట్టేవాళ్లకు విప్పి బిగించిన పాత వాచ్ పనికిరాదు. కంపెనీ వాచ్‌నే మార్చి ఇస్తేనో, లీకేజీ పరీక్ష చేసి ఇస్తేనో తప్ప కొత్తది కొనుక్కోవాలి. అలాగే పెద్దవాళ్లు పడిపోతే కబురు పంపుతుందనో, గుండె లయ తప్పితే హెచ్చరిస్తుందనో వాచ్ పెట్టినప్పుడు, రాత్రి ఎనిమిదికి ఆగిపోయే పరికరాన్ని ఇంకో ఆరు నెలలు లాక్కురావడంలో అర్థం లేదు. బ్యాటరీ అయినా, వాచ్ అయినా, ఏదో ఒకటి వెంటనే మార్చాలి.

కొత్తది కొనేటప్పుడు, పాతది వదిలేటప్పుడు

కొత్త వాచ్ కొనేటప్పుడు షాపులో స్క్రీన్ సైజు, వాచ్‌ఫేసుల సంఖ్య అడిగేవాళ్లే ఎక్కువ. ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారు, వారంటీ తర్వాత బ్యాటరీ మారుస్తారా, మారిస్తే ఎంత అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబులు ఇప్పుడిప్పుడే మారుతున్నాయి. గూగుల్ తొలి పిక్సెల్ వాచ్‌లను విప్పి బాగుచేసే ఏర్పాటే లేకపోయింది. 2025లో వచ్చిన పిక్సెల్ వాచ్ 4ను మాత్రం స్క్రూలు తీసి బ్యాటరీ, స్క్రీన్ మార్చుకునేలా చేశారు. పోర్టబుల్ పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునే వీలుండాలన్న ఐరోపా యూనియన్ నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి రానుంది. తడిలో వాడటానికే ఉద్దేశించిన పరికరాలకు మాత్రం అందులో సడలింపు ఉంది, వాటి బ్యాటరీని నిపుణులు మార్చగలిగితే చాలు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. అందులో చేరిన కంపెనీల సర్వీస్, విడిభాగాల సమాచారం righttorepairindia.gov.in లో దొరుకుతుంది.

ఇక పాత వాచ్. అది ఇంకా ఛార్జ్ అవుతుంటే రీసెట్ చేసి, ఎక్స్ఛేంజ్‌లో ఎంత ఇస్తారో అడగవచ్చు. పనికిరాదనుకుంటే చెత్తబుట్టలో వేయకూడదు. చెత్త లారీలో నలిగిన లిథియం సెల్ నిప్పంటుకోగలదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిపడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది, కాబట్టి బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లోనో ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలోనో ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న వాచ్‌ను కొరియర్‌లో పంపకూడదు. స్విచాఫ్ చేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, స్వయంగా తీసుకెళ్లి, ఉబ్బిందన్న మాట కౌంటర్‌లో ముందే చెప్పాలి.